రూ.590 చలాన్ మెసేజ్: లింకు నొక్కకుండానే నిజం తేల్చుకునే లెక్క

‘మీ వాహనంపై రూ.590 ట్రాఫిక్ జరిమానా పెండింగ్‌లో ఉంది. ఈరోజే చెల్లించకపోతే చట్టపరమైన చర్య తప్పదు’. కింద ఒక లింకు. ఇలాంటి మెసేజ్ వచ్చినప్పుడు బండి ఉన్న ఎవరికైనా మొదట వచ్చే ఆలోచన, ‘మొన్న ఆ సిగ్నల్ దగ్గర పడిందేమో’ అని. మోసగాళ్లకు కావలసింది ఆ అనుమానమే. రోడ్డు మీద కెమెరాలు ఉన్నాయని అందరికీ తెలుసు, ఎప్పుడు ఫొటో తీశాయో ఎవరికీ తెలియదు.

నిజమైన చలాన్‌కూ నకిలీకీ ఉన్న అసలు తేడా మెసేజ్‌లోని భాషలో లేదు. నిజమైన చలాన్ వెనుక ఒక రికార్డు ఉంటుంది. అందులో బండి నంబరు, ఛాసిస్ నంబరు, చోటు, సమయం, చట్టంలోని సెక్షన్, చాలాసార్లు ఫొటో ఉంటాయి. నకిలీ వెనుక ఏమీ ఉండదు. కాబట్టి మెసేజ్‌ను ఎంత పరీక్షగా చదివామన్నదాని కంటే, ఆ రికార్డును మనంతట మనం వేరే దారిలో వెళ్లి చూశామా లేదా అన్నదే ముఖ్యం. ఆ దారిలో ఎదురయ్యే అంకెలను ఒక్కొక్కటిగా చూద్దాం.

590: ఈ మొత్తం ఎక్కడి నుంచి వచ్చింది?

2025 చివర్లో సైబిల్ అనే సైబర్ భద్రతా సంస్థ ఈ-చలాన్ పేరుతో నడుస్తున్న నకిలీ సైట్ల గుట్టు బయటపెట్టింది. 36కు పైగా నకిలీ డొమైన్లు ఒకే సర్వర్ నుంచి నడుస్తున్నట్టు తేలింది. ఆ పేజీల్లో బండి నంబరు కొట్టగానే ఒక చలాన్ కనిపిస్తుంది. ఏ నంబరు కొట్టినా కనిపిస్తుంది. పరిశోధకులు చూసినప్పుడు అక్కడ చూపిన మొత్తం రూ.590. చెల్లించడానికి క్రెడిట్, డెబిట్ కార్డు తప్ప వేరే మార్గం లేదు. యూపీఐ లేదు, నెట్ బ్యాంకింగ్ లేదు.

మొత్తం ఇంత చిన్నదిగా ఎందుకు ఉందో ఇక్కడే అర్థమవుతుంది. రూ.10,000 అని ఉంటే ఎవరైనా ఆగి, పక్కవాళ్లను అడుగుతారు. రూ.590 అయితే ‘కట్టేస్తే పోతుంది’ అనిపిస్తుంది. ఆ డబ్బు మోసగాడి లక్ష్యం కాదు. పేజీలో మనం నింపే 16 అంకెల కార్డు నంబరు, గడువు తేదీ, 3 అంకెల సీవీవీ అతనికి కావాలి. యూపీఐ పెట్టకపోవడానికి కారణమూ అదే. యూపీఐలో డబ్బు ఎవరికి వెళ్తోందో పేరు తెర మీద కనిపిస్తుంది, మన పిన్ అవతలి వాళ్లకు చేరదు. కార్డు వివరాలైతే ఒకసారి చేతికి చిక్కితే మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు.

ఈ మొత్తాన్ని చట్టంతో పోల్చి చూడటం మొదటి పరీక్ష. మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం హెల్మెట్ లేకపోతే రూ.1,000, సీటు బెల్టు పెట్టుకోకపోతే రూ.1,000, లైసెన్సు లేకుండా నడిపితే రూ.5,000, బీమా లేకుండా మొదటిసారి దొరికితే రూ.2,000. ప్రత్యేకంగా శిక్ష చెప్పని ఉల్లంఘనలకు 177వ సెక్షన్ కింద మొదటిసారి రూ.500 వరకు. ఇలా చట్టంలోని మొత్తాలు వందల్లో, వేలల్లో ఉంటాయి. 590 అనే అంకె ఈ వరుసలో ఎక్కడా లేదు.

అయితే ఈ పరీక్షకు పరిమితి ఉంది. చట్టంలోని 200వ సెక్షన్ ప్రకారం, కోర్టుకు వెళ్లకుండా అక్కడికక్కడే కట్టి ముగించే మొత్తాన్ని రాష్ట్ర ప్రభుత్వాలు నిర్ణయించుకోవచ్చు. అందుకే ఒకే తప్పుకు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో మొత్తం ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ 2025 మార్చి 1 నుంచి హెల్మెట్ లేనివారికి రూ.1,000 అమలు చేసింది. 2019 సవరణలో పెంచిన జరిమానాలను తెలంగాణ అప్పట్లో తీసుకోలేదు, పాత రేట్లే కొనసాగించింది. పైగా తెలంగాణ చలాన్‌లో జరిమానాకు తోడు రూ.35 యూజర్ చార్జీ కలుస్తుంది. రూ.100 జరిమానా ఉంటే కట్టవలసింది రూ.135, రూ.1,000 ఉంటే రూ.1,035. అంటే చివర్లో 35 ఉన్న మొత్తం చూసి ‘ఇదేం లెక్క, నకిలీ’ అనుకోకూడదు. అలాగే ‘రూ.1,000’ అని గుండ్రంగా ఉందని నమ్మేయనూ కూడదు. మెసేజ్‌లో ఏ సెక్షన్ కింద, ఏ రోజు, ఏ చోట అన్నది లేకుండా మొత్తం మాత్రమే ఉంటే అనుమానించాలి. తేల్చుకోవడం మాత్రం పోర్టల్లోనే.

10 అంకెల నంబరా, 6 అక్షరాల పేరా?

రెండో చూపు మెసేజ్ ఎవరి పేరుతో వచ్చిందన్న దాని మీద. సంస్థలు, ప్రభుత్వ శాఖలు పంపే ఎస్సెమ్మెస్‌లు మామూలు 10 అంకెల ఫోన్ నంబరు నుంచి రావు. ముందుగా నమోదు చేయించుకున్న ‘హెడర్’ పేరుతో వస్తాయి. మొదట ఆపరేటరు, సర్కిల్ తెలిపే రెండు అక్షరాలు, ఆ తర్వాత సంస్థ గుర్తు ఉంటాయి. రవాణా శాఖ మెసేజ్‌లలో చాలామంది చూసే VAAHAN అలాంటిదే. 2025 నుంచి ట్రాయ్ ఈ హెడర్ చివర ఒక అక్షరం చేర్పించింది. P అంటే ప్రచారం, S అంటే సేవ, T అంటే లావాదేవీ, G అంటే ప్రభుత్వం. ముందే ఆమోదం పొందని లింకులున్న వాణిజ్య మెసేజ్‌లను ఆపేయాలని 2024 అక్టోబరు 1 నుంచే ఆపరేటర్లకు ఆదేశం ఉంది.

ఈ ఏర్పాటు వల్లే మోసగాళ్లు మామూలు సిమ్ నంబర్లకు, వాట్సాప్‌కు మళ్లారు. కాబట్టి చలాన్ మెసేజ్ +91తో మొదలయ్యే వ్యక్తిగత నంబరు నుంచో, విదేశీ నంబరు నుంచో వస్తే దానితో పని లేదు. వాట్సాప్ డీపీలో పోలీసు చిహ్నం ఉండటం దేనికీ రుజువు కాదు, ఆ బొమ్మ ఎవరైనా పెట్టుకోవచ్చు. మెసేజ్‌లో మన బండి నంబరు సరిగ్గా ఉండటమూ రుజువు కాదు. నంబరు ప్లేటు ఉన్నదే రోడ్డు మీద అందరికీ కనిపించడానికి.

హెడర్ సరిగ్గా ఉన్నంత మాత్రాన లింకు నొక్కాలని లేదు. నిజమైన చలాన్ మెసేజ్‌లలోనూ లింకులు ఉంటాయి. లింకు ఉంటే నకిలీ, లేకపోతే అసలు అనే సూత్రం పనిచేయదు. మంచి అలవాటు ఒక్కటే. మెసేజ్ ఎవరిదైనా సరే దాన్ని మూసేసి, బ్రౌజరులో చిరునామా మనమే టైపు చేయాలి.

5 అక్షరాల తోక: gov.in

కేంద్ర రవాణా శాఖ ఈ-చలాన్ పోర్టల్ చిరునామా ఇది:

```
echallan.parivahan.gov.in
```

2023లో దేశమంతా తిరిగిన ఒక నకిలీ మెసేజ్‌లో లింకు ఇలా ఉంది:

```
echallan.parivahan.in
```

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తేడా కంటికి ఆనదు. రెండోదానిలో gov లేదు, అంతే. చిరునామాను ఎడమ నుంచి చదివితే రెండూ ఒకటే అనిపిస్తాయి. అందుకే కుడి నుంచి చదవాలి. https:// తర్వాత వచ్చే మొదటి గీత వరకు చూసి, ఆ గీతకు సరిగ్గా ముందున్న భాగం చుక్కతో మొదలయ్యే .gov.in అవునా కాదా అని చూడాలి. gov.in పేర్లను ప్రభుత్వ సంస్థలకు మాత్రమే ఇస్తారు, వాటిని ఇచ్చేది నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్. వట్టి .in అయితే ఎవరైనా కొన్ని వందల రూపాయలకు కొనుక్కోవచ్చు. gov అనే మాట చిరునామా మధ్యలో ఎక్కడో హైఫన్ల నడుమ ఉంటే దానికి విలువ లేదు, చుక్క తర్వాత చివర ఉంటేనే లెక్క. బ్రౌజరులో తాళం గుర్తు కనిపించిందన్నదీ భరోసా కాదు. మనకూ ఆ సైటుకూ మధ్య సమాచారం గోప్యంగా వెళ్తోందని మాత్రమే అది చెబుతుంది, ఆ సైటు ఎవరిదో చెప్పదు.

తెలంగాణ పోలీసులది సొంత పోర్టల్:

```
echallan.tspolice.gov.in/publicview
```

ఆంధ్రప్రదేశ్ పోలీసుల విషయంలో ఒక చిక్కు ఉంది. వారి చలాన్ల చెల్లింపునకు ఏళ్ల తరబడి వాడుకలో ఉన్న చిరునామా apechallan.org. అందులో gov.in లేదు. అంటే gov.in ఉంటే అది ప్రభుత్వ సైటేనని చెప్పగలం గానీ, లేకపోతే కచ్చితంగా నకిలీ అని చెప్పలేం. అలాంటి చోట సందేహం కలిగితే కార్డు వివరాలు ఇవ్వకుండా ఆగి, ట్రాఫిక్ పోలీసు స్టేషన్‌లో బండి నంబరు చెప్పి అడగడం మేలు. తెలంగాణలో అయితే మీసేవ కేంద్రంలోనూ చలాన్ కట్టవచ్చు.

చివరి 5 అక్షరాలు: ఛాసిస్ చెప్పే నిజం

ఇప్పుడు ఒక కేసు పూర్తిగా చూద్దాం. కరీంనగర్‌లో స్కూటర్ ఉన్న ఒకాయనకు పైన చెప్పిన రూ.590 మెసేజ్ వచ్చిందనుకుందాం. ఆయన మెసేజ్‌ను తుడిచేయలేదు, లింకు నొక్కలేదు. బీరువాలోంచి ఆర్సీ తీసి పక్కన పెట్టుకుని, ఫోన్ బ్రౌజరులో ముందు కేంద్ర పోర్టల్ తెరిచారు.

అక్కడ చలాన్ స్థితి చూసే పేజీలో మూడు దారులు ఉంటాయి. Challan Number, Vehicle Number, DL Number. చేతిలో ఉన్నది బండి నంబరు కాబట్టి ఆయన రెండోది ఎంచుకున్నారు. నంబరు కొట్టగానే పోర్టల్ ఇంకోటి అడిగింది. ఛాసిస్ నంబరు లేదా ఇంజిన్ నంబరులో చివరి 5 అక్షరాలు. ఆర్సీలో చూసి అవి, కింద కనిపించే క్యాప్చా కొట్టి, Get Detail నొక్కారు.

ఆ 5 అక్షరాల దగ్గరే అసలుకూ నకిలీకీ తేడా తేలిపోతుంది. అసలు పోర్టల్ దగ్గర బండి రికార్డు ఉంది కాబట్టి, మీరు కొట్టింది దానితో సరిపోల్చి చూస్తుంది. తప్పు కొడితే ముందుకు పోనివ్వదు. నకిలీ సైటు దగ్గర సరిపోల్చడానికి ఏమీ లేదు, కాబట్టి ఏది కొట్టినా ‘అవును, మీకు చలాన్ ఉంది’ అంటుంది. ఆ సైటు నిజమో కాదో పరీక్షిద్దామని మెసేజ్‌లోని లింకు తెరిచి తప్పుడు నంబరు కొట్టి చూడాలన్న సరదా మాత్రం వద్దు. ఆ పని పరిశోధకులు చేసి చూపించారు, అది చాలు.

కేంద్ర పోర్టల్‌లో ఆయన బండి మీద ఏమీ కనిపించలేదు. అంతటితో ఆగితే పని సగమే అయినట్టు. తెలంగాణ పోలీసుల చలాన్లు వారి సొంత వ్యవస్థలో ఉంటాయి కనుక ఆ పోర్టల్ కూడా తెరిచారు. అక్కడ ఒక చలాన్ ఉంది. అయితే రూ.590 కాదు. తేదీ, సమయం, చోటు, ఏ స్టేషన్ పరిధి, ఏ ఉల్లంఘన, జరిమానా, యూజర్ చార్జీ రూ.35, మొత్తం అని ఒక వరుసలో వివరాలు, చివర ఫొటో. ఫొటోలో స్కూటర్ ఆయనదే, నడుపుతున్నది హెల్మెట్ లేని వాళ్లబ్బాయి. ఆ మొత్తం అక్కడే యూపీఐతో కట్టి రసీదు దాచుకున్నారు. మెసేజ్‌లోని రూ.590కీ ఈ చలాన్‌కీ ఏ సంబంధమూ లేదు. ఇద్దరు వేర్వేరు మనుషులు ఒకే వారంలో ఆయన తలుపు తట్టినట్టయింది, అంతే.

నకిలీ మెసేజ్ వచ్చిందంటే అసలు చలాన్ లేదని అర్థం కాదు. అసలు చలాన్ ఉందంటే మెసేజ్ నిజమనీ కాదు. రెండూ వేర్వేరు ప్రశ్నలు. నిజమైన చలాన్ మెసేజ్ ఆర్సీకి అనుసంధానమైన ఫోన్ నంబరుకు వెళ్తుంది. సెకండ్ హ్యాండ్ బండి కొని పేరు మార్పించుకోని వారికి, పాత సిమ్ మానేసిన వారికి అసలు మెసేజ్ రాకపోవచ్చు. అందుకని మెసేజ్ వచ్చినా రాకపోయినా అప్పుడప్పుడు పోర్టల్ చూసుకోవడం వాహనదారుడి పని.

ఒకవేళ ఫొటోలో ఉన్నది మీ బండి కాకపోతే? నంబరు మీదే, బండి రంగో మోడలో వేరు. దొంగ నంబరు ప్లేటుతో తిరిగే బండ్ల వల్ల ఇలా జరుగుతుంది. ప్లేటులోని ఒక అంకెను కెమెరా తప్పుగా చదివినా జరుగుతుంది. అప్పుడు కట్టకండి. పోర్టల్‌లోని ఫిర్యాదు విభాగంలో చలాన్ నంబరు, ఆర్సీ, మీ బండి ఫొటో పెట్టి అభ్యంతరం చెప్పాలి. కట్టేస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది, ఆ తర్వాత వాదించడం కష్టం.

15 రోజులు: ‘ఈరోజే’ అన్న మాట ఎందుకు అబద్ధం

నకిలీ మెసేజ్‌లన్నింటిలో ఉండేది తొందర. ఈరోజే, రాత్రి 12లోగా, 24 గంటల్లో. అసలు విధానంలో ఆ తొందర లేదు. కెమెరాల ద్వారా నమోదయ్యే కేసుల కోసం కేంద్రం 2021 ఆగస్టులో ఇచ్చిన నిబంధనలు, ఉల్లంఘన జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలని చెప్పాయి. ఫొటో తీయడం, నంబరు చదవడం, సిబ్బంది సరిచూడటం, రికార్డులోకి ఎక్కించడం అన్నీ అయ్యాకే మనకు కనిపిస్తుంది. ఆ తర్వాత కూడా కట్టడానికి, అభ్యంతరం చెప్పడానికి సమయం ఉంటుంది. కట్టకపోతే వ్యవహారం కోర్టుకు వెళ్తుంది. చాలా రాష్ట్రాల్లో అది vcourts.gov.in లోని వర్చువల్ కోర్టు. ఒక్క రాత్రిలో లైసెన్సు రద్దవదు, అరెస్టు వారెంటు రాదు.

దీనికి ఇంకో వైపు ఉంది. ఈరోజు పోర్టల్ ఖాళీగా ఉందంటే నిన్నటి ఉల్లంఘన నమోదు కాలేదని చెప్పలేం, ఇంకా ఎక్కించకపోయి ఉండొచ్చు. అనుమానం గట్టిగా ఉంటే రెండు వారాల తర్వాత మళ్లీ చూడండి. వేరే రాష్ట్రానికి వెళ్లొచ్చిన బండి అయితే కేంద్ర పోర్టల్‌తోపాటు ఆ రాష్ట్ర పోలీసుల పోర్టల్ కూడా చూడటం మంచిది.

80 శాతం: రాయితీ వేళ మరింత జాగ్రత్త

తెలంగాణలో చలాన్ల మీద రాయితీ రెండుసార్లు పెద్ద ఎత్తున వచ్చింది. 2022 మార్చిలో ద్విచక్ర వాహనదారులు 25 శాతం కడితే మిగతాది మాఫీ చేశారు. 2023 డిసెంబరు 26 నుంచి ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు 80 శాతం, కార్లకు 60 శాతం రాయితీ ఇచ్చి, గడువును ఆ తర్వాత పొడిగించారు. రెండో విడతలో నకిలీ సైట్లు పుట్టుకొచ్చాయని పోలీసులే హెచ్చరించవలసి వచ్చింది. అప్పటి నుంచి ‘మళ్లీ రాయితీ’ అనే పుకారు ఎప్పటికప్పుడు వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది.

దీన్ని తేల్చుకోవడం తేలిక. నిజంగా రాయితీ ఉంటే అధికారిక పోర్టల్‌లో మొత్తమే తగ్గి కనిపిస్తుంది. 80 శాతం రాయితీ అంటే రూ.1,000 జరిమానా రూ.200కు తగ్గాలి. పోర్టల్‌లో ఇంకా రూ.1,000 అనే ఉంటే రాయితీ లేనట్టే. రాయితీ పొందడానికి ప్రత్యేకంగా ఒక లింకులో నమోదు చేసుకోమనడం, ఒక యాప్ దింపుకోమనడం మోసమే.

4,400 ఫోన్లు: లింకు కంటే ప్రమాదకరమైనది

లింకు మన చేత వివరాలు చెప్పిస్తుంది. ఏపీకే ఫైలు మనం చెప్పకుండానే తీసుకుంటుంది. వాట్సాప్‌లో ‘RTO Challan.apk’ వంటి పేర్లతో వచ్చేవి ఇవే. 2024 జులైలో క్లౌడ్‌సెక్ సంస్థ ఇలాంటి ఒక ముఠాను పరిశీలించినప్పుడు 4,400కు పైగా ఫోన్లలో ఆ యాప్ చేరినట్టు, ఒక్క మోసగాడి చేతి మీదుగానే రూ.16 లక్షలకు పైగా పోయినట్టు తేలింది.

ఇన్‌స్టాల్ అయ్యాక ఆ యాప్ ఎస్సెమ్మెస్‌లు, కాంటాక్టులు చూసే అనుమతి అడుగుతుంది. ఇస్తే మనకొచ్చే ఓటీపీలు అవతలి వాళ్లకు కనిపిస్తాయి. అదే ఫైలు మన పేరుతో బంధువులకు, స్నేహితులకు వెళ్తుంది. తెలిసినవాళ్ల నుంచి వచ్చింది కదా అని నమ్మడానికి వీల్లేనిది అందుకే. చలాన్ చూడటానికి ఏ పోలీసు శాఖా వాట్సాప్‌లో ఏపీకే ఫైలు పంపదు. పొరపాటున ఇన్‌స్టాల్ చేస్తే ముందు మొబైల్ డేటా, వైఫై ఆపేయండి. ఆ ఫోన్ నుంచి కాకుండా వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పండి. తర్వాత ఆ యాప్‌ను తీసేసి, ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయించడం క్షేమం.

1930: నిమిషాల లెక్క

కార్డు వివరాలు ఇచ్చేసి ఉంటే వరుస ఇది. మొదట బ్యాంకు యాప్‌లోనో, కార్డు వెనుక ఉన్న నంబరుకు ఫోన్ చేసో కార్డు బ్లాక్ చేయాలి. వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. లావాదేవీ నంబరు, సమయం, మొత్తం చేతిలో పెట్టుకుంటే వాళ్లు డబ్బు చేరిన ఖాతాను ఆపించే ప్రయత్నం చేస్తారు. తర్వాత cybercrime.gov.in లో రాతపూర్వకంగా ఫిర్యాదు నమోదు చేయాలి. డబ్బు పోకపోయినా మెసేజ్ మాత్రం వచ్చిందంటే sancharsaathi.gov.in లోని చక్షు విభాగంలో ఆ నంబరు గురించి తెలపవచ్చు. అందుకే మెసేజ్‌ను తుడిచేయకుండా స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోవాలి.

బ్యాంకుకు ఎప్పుడు చెప్పామన్నదానికి డబ్బు విలువ ఉంది. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఖాతాదారు తన వివరాలను తానే ఇతరులకు ఇవ్వడం వల్ల పోయిన సొమ్ము, బ్యాంకుకు చెప్పేవరకు అతని నష్టమే. చెప్పిన క్షణం తర్వాత పోయేదంతా బ్యాంకు భరించాలి. ఉదయం 10కి కార్డు వివరాలు ఇచ్చి, 10.10కి రూ.20,000 పోయి, 10.15కి మీరు బ్యాంకుకు చెప్పి, 10.40కి మరో రూ.50,000 పోయిందనుకోండి. మొదటి రూ.20,000 మీ ఖాతాలో నష్టం, రెండో రూ.50,000 బ్యాంకుది. పరువు పోతుందని సాయంత్రం వరకు ఎవరికీ చెప్పకపోతే రూ.70,000 మొత్తం మీదే. అందుకే ఫోన్ చేసినప్పుడు ఫిర్యాదు నంబరు, సమయం అడిగి రాసుకోండి. రేపు బ్యాంకుతో మాట్లాడేటప్పుడు ఆ నష్టం ఎవరిదో తేల్చేది ఆ సమయమే.